రాతలో గొంతు వినపడనప్పుడు: వెటకారాన్ని ఎలా పోల్చుకుంటాం, ఎప్పుడు నేరుగా అడగాలి

యాసంగి వడ్లు కల్లాలకు చేరే ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ జిల్లా పల్లెల వాట్సాప్ గ్రూపులు రాత్రింబవళ్లు మోగుతూనే ఉంటాయి. కాంటా ఎప్పుడు, లారీ ఎప్పుడు, గోనె సంచులు వచ్చాయా అనే కబుర్ల మధ్యనే విసుగుతో రాసిన మాటలు, నవ్వుకోవడానికి రాసిన మాటలు కలిసిపోతాయి. ఏది కబురో, ఏది వెటకారమో పోల్చుకోలేకపోతే జరిగే నష్టం మనసు నొచ్చుకోవడంతో ఆగదు. ఆరబోసిన వడ్ల మీద పట్టా కప్పాలా వద్దా అన్న నిర్ణయం కూడా కొన్నిసార్లు ఆ ఒక్క వాక్యాన్ని ఎలా చదివామన్న దాని మీదనే నిలబడుతుంది. అందుకే ఈ విషయాన్ని ఒక ఉదాహరణతో విడదీసి చూద్దాం.

ఒకే మాట, ముగ్గురు చదువరులు

మిర్యాలగూడ దగ్గర ఒక పల్లె అనుకుందాం. రాత్రి తొమ్మిది గంటలకు రైతుల గ్రూపులో ఒక పెద్దమనిషి ఇలా రాశాడు: "ఎవ్వలు రంది పెట్టుకోకుండ్రి. మన సెంటర్ల పని మస్తు జోరుగ నడుస్తున్నది. రేపు పొద్దుగాల లారీ మన కల్లం కాడికే వస్తదట." చివర చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు.

దీన్ని మొదట చదివింది పక్క కుప్ప రైతు. వారం రోజులుగా లారీ రాలేదని, సంచులు లేక కాంటా ఆగిపోయిందని అతనికి తెలుసు, కాబట్టి చదవగానే నవ్వాడు. రెండవవాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక రైతు కొడుకు. మబ్బు పట్టిందని విని, పొద్దున్నే టార్పాలిన్ పట్టాలు తీసుకొని ఊరికి పోదామనుకుంటున్న అతను ఈ కబురు చూసి, రేపే కాంటా అయిపోతుందని ఊపిరి పీల్చుకొని ప్రయాణం మానుకున్నాడు. మూడవ మనిషి కొనుగోలు కేంద్రం నడిపే మహిళా సంఘం సభ్యురాలు. సంచులు పంపనిది పైవాళ్లయితే మాట పడుతున్నది తానని ఆమెకు కష్టం కలిగింది.

ఈ ముగ్గురిలో ఎవరూ చదవడం రానివారు కాదు. ఎవరికి తెలిసిన విషయాన్ని బట్టి వారు చదివారు, ఆ మేరకు ముగ్గురి చదువూ సబబైనదే. వెటకారం వాక్యంలో ఉండదు. వాక్యం చెప్పేదానికీ, రాసినవాడికీ చదివినవాడికీ ఇద్దరికీ తెలిసిన వాస్తవానికీ మధ్య ఉన్న ఎడంలో ఉంటుంది. ఆ ఎడం పక్క రైతుకు కనిపించింది, కొడుకుకు కనిపించే వీలే లేదు. ఈ వ్యాసంలో తక్కిన మాటలన్నీ ఈ ఒక్క గమనింపు మీద ఆధారపడినవే.

హాస్యం, వ్యంగ్యం, వెటకారం

ఈ మూడింటినీ మనం ఒకదాని బదులు ఒకటి వాడుతుంటాం గాని, పోల్చుకునే పనికి వీటి మధ్య తేడా అవసరం. చెప్పినవాడూ విన్నవాడూ కలిసి నవ్వుకోవడానికి చేసేది హాస్యం, మన దగ్గర మజాక్ అనేది అదే. పైకి ఒక అర్థం పెట్టి లోపల మరొకటి ఉద్దేశించడం వ్యంగ్యం. దానికి నవ్వు ఉండాలన్న నియమం లేదు. ఆ వ్యంగ్యానికి ఒక గురి ఉండి, ఒకరిని తగిలేలా విసిరితే అది వెటకారం. కాబట్టి మెసేజ్ చదివినప్పుడు నిజానికి రెండు ప్రశ్నలు ఎదురవుతాయి: పై అర్థమే అసలు అర్థమా అన్నది ఒకటి, కాకపోతే గురి ఎవరన్నది రెండవది. చాలా తగవులు రెండవ ప్రశ్న దగ్గర పుడతాయి. పై ఉదాహరణలో సంఘం సభ్యురాలు వెటకారాన్ని సరిగ్గానే పోల్చుకుంది. కాని అది తన మీదనా, లారీల కాంట్రాక్టరు మీదనా, మిల్లు మీదనా అన్నది ఆ రాతలో ఎక్కడా లేదు.

రాతలో పోయేది ఏమిటి, మిగిలేది ఏమిటి

మాటకు పై అర్థం కాక మరో అర్థం ఎలా స్ఫురిస్తుందన్న దాని మీద మన అలంకార శాస్త్రంలో చాలా లోతైన చర్చ ఉంది. 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు ‘కావ్యప్రకాశం’ మూడవ ఉల్లాసంలో, అంటే మూడవ అధ్యాయంలో, అలాంటి అర్థం తోచడానికి తోడ్పడే వాటిని లెక్కపెట్టాడు: మాట్లాడేవాడు, వినేవాడు, కాకువు అనే గొంతు మార్పు, వాక్యం, దాని పై అర్థం, దగ్గర మరొకరు ఉండటం, సందర్భం, చోటు, వేళ. వీటి తర్వాత ‘మొదలైనవి’ అన్నాడు. ముఖకవళికలు, చేతి కదలికలు వంటి చేష్టలు ఆ మాట కిందికి వస్తాయి. అపకారం చేసినవాడిని పట్టుకొని, ఎంతో మేలు చేశావు మిత్రమా, ఇలాగే చేస్తూ నూరేళ్లు సుఖంగా ఉండు అని పొగిడే శ్లోకం కూడా ఆ గ్రంథంలోనే ఉంది. నేటి గ్రూపుల్లో కనిపించే పొగడ్త వెటకారానికి అది అచ్చమైన నమూనా.

ఈ జాబితాను ముందు పెట్టుకొని చూస్తే, రాతలో గొంతు లేదు కాబట్టి ఏమీ తెలియదు అనే మాట సగమే నిజమని అర్థమవుతుంది. రాతలో పూర్తిగా పోయేవి కాకువు, చేష్ట మాత్రమే. తక్కినవన్నీ సూత్రరీత్యా మిగిలే ఉన్నాయి. ఇద్దరు స్నేహితుల మధ్య నడిచే విడి మెసేజ్‌లలో వెటకారం చాలా వరకు తేలిగ్గానే అర్థం కావడానికి కారణం ఇదే.

చిక్కంతా గ్రూపుల్లో వస్తుంది. అక్కడ గొంతుతో పాటు మరికొన్ని కూడా జారిపోతాయి. వినేవాడు ఎవరో తెలియదు, ఎందుకంటే మాట రెండు వందల మందికి చేరుతుంది. వేళ కలవదు, రాత్రి తొమ్మిదికి రాసింది ఒకరు తెల్లవారి ఆరుకు చదువుతారు. చోటు కలవదు, కల్లం కాడ కూర్చొని రాసిన మాటను నగరంలో బస్సులో నిలబడి చదువుతారు. సందర్భం పైనున్న నలభై మెసేజ్‌ల వెనుక ఉంటుంది, దాన్ని వెనక్కి పోయి చూసేవారు తక్కువ. ఇక మరో గ్రూపుకు పంపిన మెసేజ్‌కైతే మాట్లాడినవాడు కూడా మిగలడు. కాబట్టి ఈ మాటలో వెటకారం ఉందా అని తరచి చూసేముందు, వీటిలో నా దగ్గర ఎన్ని మిగిలాయి అని చూసుకోవడం ఎక్కువ ఫలితాన్నిస్తుంది.

రాసినవారి ధీమా, చదివినవారి ధీమా

అమెరికాలో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, వారి సహచరులు చేసి 2005లో ప్రచురించిన ప్రయోగాలు ఈ విషయంలో తరచుగా ప్రస్తావనకు వస్తాయి. విద్యార్థులు కొన్ని నిజం మాటలు, కొన్ని వెటకారం మాటలు ఎదుటివారికి అందించాలి. కొందరు ఈమెయిల్‌లో, కొందరు గొంతుతో. ఏది ఏదో ఎదుటివారు పోల్చుకోవాలి. ఏ పద్ధతిలో పంపినా దాదాపు 78 శాతం మాటలు సరిగ్గా అర్థమవుతాయని పంపినవారు అంచనా వేశారు. గొంతు విన్నవారు 73 శాతం పోల్చుకున్నారు, ఈమెయిల్ చదివినవారు 56 శాతం మాత్రమే. ఉన్నవి రెండే జవాబులు కాబట్టి నాణెం ఎగరేసి చెప్పినా సగం సరిపోతాయి. 56 అంటే దానికి కొంచెమే పైన. అయినా చదివినవారు కూడా తాము సరిగ్గానే పోల్చుకున్నామని గట్టిగా నమ్మారు.

దీనికి పరిశోధకులు చూపిన కారణం తేటగా ఉంది. రాసేటప్పుడు మన గొంతు మన చెవిలో మోగుతూ ఉంటుంది, అది అక్షరాల్లోకి ఎక్కలేదన్న సంగతి మనకు తట్టదు. తమ వాక్యాన్ని తాము ఉద్దేశించినదానికి వ్యతిరేకమైన గొంతుతో ఒకసారి పైకి చదివినవారిలో ఈ అతి ధీమా తగ్గిందని కూడా వారు గమనించారు. అయితే ఆ ప్రయోగంలోవి విడివిడి వాక్యాలని గుర్తుంచుకోవాలి. ముందూ వెనకా సంభాషణ, పాత పరిచయం ఉన్నచోట 56 అనే అంకెను నేరుగా పెట్టడం సరికాదు. గ్రూపులో తెగిపోయిన దారంలా వచ్చిన మెసేజ్‌కు మాత్రం ఆ అంకె మంచి హెచ్చరికే.

మన రాతల్లో కనిపించే ఆనవాళ్లు

మన ప్రాంతపు రాతల్లో వెటకారానికి కొన్ని గట్టి ఆనవాళ్లు ఉన్నాయి. వాటిలో మొదటిది హఠాత్తుగా పెరిగిన మర్యాద. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో తల్లినీ, కాకనూ, మేనమామనూ కూడా నువ్వు అనే పిలుస్తాం. అందులో అగౌరవం లేదు. అందుకే రోజూ "ఏడున్నవ్ రా" అనే స్నేహితుడు ఒక రోజు "తమరు ఎప్పుడు దయచేస్తారు సారూ" అని రాస్తే అనుమానం అక్కరలేదు. ఈ ఆనవాలు తెలిసినవాళ్ల మధ్యనే పనిచేస్తుంది, ఎందుకంటే రోజూ ఎలా పిలుస్తాడో తెలిస్తేనే ఇవాళ పెరిగిందని తెలుస్తుంది.

రెండవది వాక్యం చివర చేరే చిన్న మాటలు. "మంచిగ చేసినవ్" అంటే మెచ్చుకోలు కావచ్చు. "మంచిగ చేసినవ్ తియ్", "మంచిగ చేసినవ్ పో" అన్నప్పుడు మొగ్గు వెటకారం వైపు పోతుంది. "వస్తదట"లోని ‘అట’ మరీ చిక్కైనది. ఎవరో చెప్పగా విన్నానని దాని మామూలు అర్థం, నేను మాత్రం నమ్మనని దాని వెటకారపు అర్థం. నోటితో అన్నప్పుడు సాగదీయడంలో ఆ తేడా తెలుస్తుంది, రాతలో రెండూ ఒకేలా ఉంటాయి.

బొమ్మల సంగతి కూడా ఇంతే. 1982 సెప్టెంబర్ 19న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్కాట్ ఫాల్మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, పరిహాసానికి రాసిన మాటలను నిజమనుకొని జనం పొరబడకుండా వాటి పక్కన `:-)` అనే గుర్తు పెడదామని ప్రతిపాదించాడు. నేటి బొమ్మలు ఆ పని చేస్తాయని అనుకుంటాం గాని, చేతులు జోడించిన బొమ్మనే తీసుకోండి: మన దగ్గర అది నమస్కారం, కృతజ్ఞత, దేవుడి మొక్కు, "నీకో దండం రా నాయినా" అనే విసుగు, అన్నీ అదే. పెద్దవయసువారు ప్రతి మెసేజ్ చివరా అలవాటుగా పెట్టే బొమ్మను పట్టుకొని అర్థం తీయబోతే దారి తప్పడం ఖాయం.

లారీ కబురును విప్పి చూస్తే

ఇప్పుడు హైదరాబాద్‌లోని కొడుకు స్థానంలో నిలబడి ఆ మెసేజ్‌ను మళ్లీ చదువుదాం. మాటల్లో ‘మస్తు జోరుగ’ అనే అతిశయం ఉంది, ‘వస్తదట’ ఉంది, దండం బొమ్మ ఉంది. ఇవన్నీ రెండు వైపులా పోగలవే. రాసిన పెద్దమనిషి ఎలాంటివాడో కొడుకుకు కొంత తెలుసు, ఎప్పుడూ నవ్వించే మనిషి. లారీ వారం నుంచి రాలేదన్న కీలకమైన వాస్తవం అతనికి తెలియదు. పైనున్న మెసేజ్‌లు చదివి ఉంటే, సంచులు లేవని ముగ్గురు రాసినది కనిపించేది.

ఇక్కడ బాగా పనికొచ్చే పరీక్ష ఒకటి ఉంది: ఇదే కబురు నిజమైతే ఎలా రాసి ఉండేవాడు? నిజమైన కబురుకు వివరం ఉంటుంది. "రేపు ఏడింటికి రెండు లారీలు వస్తున్నయి, సంచులు వచ్చినయి, ముందు వరుసల పెట్టినోళ్లయి కాంటా అయితయి" అన్న పద్ధతిలో ఉంటుంది. ఎవరు ఫోన్ చేశారో, ఎవరి వంతు ముందో చెప్పకుండా ఏ రైతూ అలాంటి శుభవార్త చెప్పడు, చెప్పినా కింద పది మంది వెంటనే అవే ప్రశ్నలు వేస్తారు. మన మెసేజ్‌లో వివరం లేదు, పొగడ్త ఉంది. కింద ప్రశ్నలు లేవు, నవ్వుల బొమ్మలున్నాయి. జవాబుల తీరు చూసి అసలు మాటను అంచనా వేయడం గ్రూపుల్లో మనకు మిగిలిన గట్టి ఆధారం. అయితే అందరూ తనలాగే తెలియనివారైతే ఆ నవ్వులు కూడా ఉండవు.

ఇంత చూసినా వెటకారమయ్యే అవకాశం ఎక్కువ అనే చెప్పగలం, తేల్చలేం. అప్పుడు రెండు తప్పుల ఖరీదు తూచాలి. నిజమైన కబురును అనుమానించి ఫోన్ చేస్తే పోయేది రెండు నిమిషాలు. వెటకారాన్ని కబురనుకొని ఊరుకుంటే, రాత్రి వాన పడితే, వడ్లు తడుస్తాయి. 17 శాతం దాటని తేమను కోరే కేంద్రంలో తడిసిన వడ్లు మళ్లీ ఆరే దాకా రోజులు గడుస్తాయి. ఖరీదుల్లో ఇంత తేడా ఉన్నప్పుడు, కబురు నిజమేనని పదిలో తొమ్మిది పాళ్లు నమ్మకం ఉన్నా అడగడమే లెక్కకు నిలుస్తుంది. అదే మనిషి పెళ్లి ఫోటో కింద "హీరో లెక్క ఉన్నవ్ తియ్" అని రాస్తే, ఏ అర్థం తీసుకున్నా చేసే పని ఏమీ మారదు కాబట్టి తేల్చుకోవలసిన అవసరమే రాదు.

అడగడం మీద భిన్నాభిప్రాయాలు

అడగకూడదనే వారి వాదంలో బలం ఉంది. విడమరచి చెప్పమంటే పరిహాసం చచ్చిపోతుంది. పెద్దవారిని "వెటకారం చేస్తున్నవా" అని అడగడమంటే తప్పు మోపడమే అవుతుంది. కొన్నిసార్లు వెటకారం బలహీనుడికి ఉన్న ఒకే ఒక్క నిరసన మార్గం. ఆలస్యాన్ని నేరుగా ప్రశ్నిస్తే తన వడ్లు వెనక్కి పోతాయని భయపడే రైతు పొగడ్త మాటున చెబుతాడు, అతన్ని నిలదీసి విడమరచమనడం అతనికి హాని చేయడమే.

మరికొందరు, అనుమానం ఉంటే మంచి అర్థమే తీసుకోవాలని అంటారు. తగవులు తగ్గించడానికి ఇది మంచి నియమమే. కాని మన కొడుకు చేసింది సరిగ్గా అదే. మాట మనసుకు సంబంధించినదైతే మంచి అర్థం తీసుకోవడం ఓదార్పు, మాట లారీకి సంబంధించినదైతే అది ప్రమాదం. ఇంకొందరు భారమంతా రాసేవారిదే అంటారు. న్యాయంగా అది నిజమే అయినా, రాసినవాడి దృష్టిలో చదువరులు తన పక్క కుప్పల రైతులే, నగరంలో ఉన్న కొడుకు అతని ఊహలోనే లేడు.

ఈ వాదాలన్నీ తూచినప్పుడు నాకు తోచేది, అడగాలా వద్దా అన్నది మన కుతూహలం మీద కాక, జవాబును బట్టి మనం చేసే పని మారుతుందా అన్న దాని మీద తేలాలని. మారితే అడగాలి. అడగకూడదనే వారి అభ్యంతరాలు చాలావరకు అడగడం మీద కాదు, అడిగే తీరు మీద ఉన్నాయి.

గొంతును కాదు, సంగతిని అడగడం

ఆ కొడుకు గ్రూపులోనే "ఇది నిజమా, మజాకా" అని అడిగితే నవ్వులపాలవుతాడు, పెద్దమనిషి ఇరకాటంలో పడతాడు. అదే విడిగా ఫోన్ చేసి, "కాకా, నాయిన కుప్ప రేపు కాంటా అయితదా? పట్టాలు తీస్కొని రమ్మంటవా?" అంటే, జవాబు ఏదైనా ఎవరి మర్యాదకూ భంగం లేదు. అతను వెటకారమనే మాటే ఎత్తలేదు. "ఏడ లారీ బిడ్డా, ఊకెనె అన్న, పట్టాలు పట్కొని జెల్ది రా" అన్న జవాబుతో సంగతీ గొంతూ రెండూ తేలిపోతాయి.

సంఘం సభ్యురాలి పరిస్థితి వేరు. వెటకారమని ఆమెకు తెలుసు, అడగవలసింది గురి గురించి. "అన్నా, సంచులు రాలేదని మమ్ముల అన్నవా, పంపనోళ్లను అన్నవా? మావల్ల ఏమన్న ఆగిందంటె చెప్పు" అని విడిగా అడిగితే, నిరసనకు ఉన్న కారణం బయటికి వస్తుంది, తిట్టు తిరిగి తిట్టుగా మారదు.

నవ్వు వెనుక కష్టం ఉన్నప్పుడు

మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ముంబై, పుణె నగరాలకు కూలికి పోయిన కుటుంబాల్లో మరో రకం చిక్కు ఉంటుంది. అక్క "ఎట్లున్నవ్ తమ్మీ" అని రాస్తుంది, తమ్ముడు "రాజభోగం అక్కా, కాళ్లొత్తెటోళ్లు నలుగురున్నరు" అని జవాబిస్తాడు. అది పరిహాసమని ఇద్దరికీ తెలుసు, అందులో అస్పష్టత లేదు. తెలియనిది దాని వెనుక ఏముందన్నది: అలవాటు మాటనా, కష్టం చెప్పుకోలేక వేసిన తెరనా?

ఇక్కడ ఆ ఒక్క వాక్యాన్ని ఎంత తరచినా ఫలితం లేదు, మార్పును చూడాలి. రాజభోగం అన్నాక ఎప్పుడూ సైట్ ముచ్చట్లు వాయిస్‌లో పెట్టేవాడు ఈసారి పెట్టకపోవడం, ప్రతి ప్రశ్నకూ పరిహాసమే జవాబుగా రావడం, పైసల మాట ఎత్తితే వేరే మాటలోకి పోవడం, ఇవి ఆనవాళ్లు. "నిజం చెప్పు, బాధల ఉన్నవా" అని అడిగితే ఇంకో పరిహాసం వస్తుంది. "మేస్త్రి ఈ వారం పైసలిచ్చిండా? అన్నం నువ్వే వండుకుంటున్నవా?" అన్న ప్రశ్నలకు పరిహాసంతో తప్పించుకోవడం కష్టం, తప్పించుకున్నా అదే ఒక జవాబు. అప్పుడు రాత ఆపి ఫోన్ చేయడం మేలు. మమ్మటుడి జాబితాలోని కాకువు తిరిగి దొరికేది గొంతులోనే.

అడిగినా తేలనిది

అడగడానికి హద్దు కూడా ఉంది. వెటకారానికి ఉన్న సౌకర్యమే, కాదని అనగలగడం. గట్టిగా తగిలిన మాట రాసినవాడిని అడిగితే "మజాక్ చేసిన" అనవచ్చు, నిజంగా అన్న మాటను కూడా తర్వాత పరిహాసంగా దిద్దుకోవచ్చు. రాసిన క్షణంలో అతని మనసులో ఏముందో ఆ జవాబు రుజువు చేయదు. అది చెప్పేది, ఇప్పుడు ఆ మాట మీద అతను ఎక్కడ నిలబడదలిచాడో అంతవరకే. చాలా వ్యవహారాలకు అంత చాలు: "మజాక్" అన్నవాడు ఆ మాటను వెనక్కి తీసుకున్నట్టే లెక్క, దాన్ని అలాగే పట్టుకొని ముందుకు పోవచ్చు. అదే మనిషి అదే గురి మీద మళ్లీ మళ్లీ రాసి, ప్రతిసారీ పరిహాసమే అంటున్నప్పుడు మాత్రం గొంతు గురించిన ప్రశ్నకు పని లేదు. అతనికి ఉన్న అసలు ఫిర్యాదు ఏమిటో అడగవలసి ఉంటుంది, లేదా ఆ మాటలు తనకు పడవని నేరుగా చెప్పవలసి ఉంటుంది.